శుభం కార్డు లేని సినిమా



పేరెంట్స్ మీటింగ్‌లో నేను ఎక్కువగా వినే మాట, "మావాడికి ఫోనే లోకం మేడమ్, మీరైనా కాస్త చెప్పండి" అన్నది. తప్పకుండా చెప్తాను. కానీ ఈ నెల ఈ పేజీలో పిల్లల ఫోన్ గురించి కాకుండా మీ ఫోన్ గురించి రాస్తున్నాను. దానికి ఒక కారణం ఉంది. 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల అకౌంట్లలో ఆటోప్లేను ముందుగానే ఆఫ్ చేసి, 'కాసేపు ఆగండి', 'పడుకునే వేళయింది' అనే రిమైండర్లను ముందుగానే ఆన్ చేసి ఇస్తామని 2021 ఆగస్టులో యూట్యూబ్ ప్రకటించింది. పద్దెనిమిది దాటినవాళ్లకు అంతా తలకిందులు. ఆటోప్లే ఆన్‌లో ఉంటుంది, రిమైండర్లు మనమే వెతికి పెట్టుకోవాలి. మన ఇళ్లలో మూడో తరగతి పిల్లాడు చూసేది అమ్మ ఫోన్‌లోనో నాన్న అకౌంట్‌లోనో కాబట్టి, వాడికి దక్కేవి కూడా పెద్దవాళ్ల సెట్టింగులే.

పాత వారపత్రికల్లో సీరియల్ చివర 'సశేషం' అని ఉండేది. సినిమాకు ఇంటర్వెల్, శుభం కార్డు ఉండేవి. 'ఇక లేవండి' అని మనకు ఎవరో చెప్పేవారు. ఇంటర్నెట్‌లోనూ మొదట్లో పేజీ చివర ఆగి, తర్వాతి పేజీ మీద నొక్కాల్సి వచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్ ఆ నొక్కే అవసరం లేకుండా కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని రూపొందించారు. అది తెచ్చిన ఫలితం చూసి ఆయనే తర్వాత బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అందరికంటే ముందు మన దగ్గరే పరీక్షించింది. ఖాళీ అయిన కుర్చీ మూడు నెలలు కూడా ఖాళీగా లేదు.

ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటి ఉంది. వీడియో పైన కనిపించే ఆటోప్లే స్విచ్ పెద్ద వీడియోలకే పనిచేస్తుంది. దాన్ని ఆఫ్ చేస్తే ఒక వీడియో అయ్యాక తెర ఆగుతుంది. షార్ట్స్‌కు దానితో సంబంధం లేదు. అక్కడ తర్వాతి వీడియోను తెచ్చేది మన బొటనవేలే.

మరి టైమర్ పెట్టుకుంటే సరిపోదా? మా స్కూల్ పేరెంట్ ఒకరి అనుభవాన్ని ఆయన అనుమతితోనే చెప్తున్నాను. ఆయన పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. రెండో షిఫ్ట్ ఉన్న వారాల్లో పది గంటలకు డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో తెల్లాపూర్ చేరి, అన్నం తిని, పదకొండుంపావుకు యూట్యూబ్ తెరుస్తారు. ముందు వార్తలు, తర్వాత క్రికెట్ హైలైట్స్, ఆ తర్వాత షార్ట్స్. పడుకునేసరికి ఒంటి గంట. ఫోన్ సెట్టింగ్స్‌లో Digital Wellbeing తెరిచి, Dashboard లో యూట్యూబ్‌కు రోజుకు 45 నిమిషాల టైమర్ పెట్టుకున్నారు. వారం గడిచినా నిద్రలో మార్పు లేదు.

లెక్క వేస్తే విషయం తెలిసింది. ఆ టైమర్ అర్ధరాత్రి పన్నెండుకు మళ్లీ సున్నా అవుతుంది. పదకొండుంపావుకు మొదలుపెడితే 45 నిమిషాలు పూర్తయ్యేది సరిగ్గా పన్నెండుకు. ఆ క్షణానే మరుసటి రోజు కోటా తెరుచుకుంటుంది. అలా వరుసగా గంటన్నర చూసినా టైమర్ అడ్డు చెప్పదు. కొన్ని రోజులు టైమర్ ముందే మోగితే ఆయన దాన్ని తీసేశారు. తీయడానికి రెండు నొక్కులు చాలు, పాస్‌వర్డ్ కూడా అడగదు. పైగా హాల్లో టీవీ మీద చూసిన యూట్యూబ్ ఫోన్ లెక్కలోకి రాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషిని అర్ధరాత్రి 'ఆపుతావా?' అని అడిగితే 'ఇంకొక్కటి' అనే జవాబే వస్తుంది. మనం మార్చాల్సింది ఆ ప్రశ్న అడిగే సమయాన్ని కాదు, ఎదురుగా వచ్చిపడే సరుకును.

ఆయన ఒక ఆదివారం పగటిపూట చేసిన పని ఇది. యూట్యూబ్ Settings లో Manage all history తెరిచి, పాత చరిత్ర మొత్తం డిలీట్ చేసి, హిస్టరీని Turn off చేశారు. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ పద్ధతి ఏమిటంటే, హిస్టరీ ఆఫ్‌లో ఉండి పాత చరిత్ర కూడా పెద్దగా లేకపోతే హోమ్ పేజీలో ఏ సిఫార్సులూ చూపదు. ఒక సెర్చ్ పెట్టె, చిన్న సందేశం మాత్రమే ఉంటాయి. షార్ట్స్ ట్యాబ్ కూడా హిస్టరీ ఆఫ్‌లో ఉందని చెప్పి ఊరుకుంటుంది. డిలీట్ చేయకుండా ఆఫ్ మాత్రమే చేస్తే పాత చరిత్రను బట్టి సిఫార్సులు వస్తూనే ఉండొచ్చు, అందుకే రెండూ చేయాలి. దీనికి తోడు ఆటోప్లే ఆపేశారు. ఇప్పుడు హైలైట్స్ కావాలంటే పేరు టైప్ చేసి వెతుక్కుంటారు. అది అయిపోతే అయిపోయినట్టే.

నష్టాలు లేవని కాదు. సగంలో ఆపిన వీడియో ఎక్కడ ఆగిందో ఇక గుర్తుండదు. వాళ్లింట్లో టీవీలోనూ అదే అకౌంట్ ఉండటంతో ఆవిడ పాటల సిఫార్సులు కూడా పోయాయి, రెండు రోజులు ఇంట్లో అదే గొడవ. ఆవిడకు టీవీలో వేరే అకౌంట్ పెట్టాక సద్దుమణిగింది. Subscriptions లో మాత్రం మనం అనుసరించే చానెళ్ల షార్ట్స్ వస్తూనే ఉంటాయి, వీడియో కింద సంబంధిత వీడియోలూ ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌కు ఈ మందు పనిచేయదు. ఆయన ఆ యాప్‌నే తీసేసి, అవసరమైతే బ్రౌజర్‌లో చూస్తున్నారు.

ఫలితం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే యూట్యూబ్ నిమిషాలు తగ్గాయని మురిసిపోకండి. అదే Dashboard లో బ్రౌజర్ నిమిషాలు పెరిగాయేమో చూడండి. యాప్ ఎన్నిసార్లు తెరిచారో కూడా అక్కడ ఉంటుంది. నిమిషాలు తగ్గి, తెరిచిన సార్లు అలాగే ఉంటే చెయ్యి ఇంకా అలవాటుగా అటే వెళ్తోందని అర్థం. మొదటి వారం అలా ఉండటం సహజమే.

ఐఫోన్ ఉన్నవారికి ఒక సౌకర్యం ఎక్కువ. Screen Time లో App Limits పెట్టి, Block at End of Limit ఆన్ చేసి, పాస్‌కోడ్‌ను భార్యో భర్తో పెడితే దాటడం కష్టం. ఇక్కడా కోటా అర్ధరాత్రికే మారుతుంది కాబట్టి, రాత్రిళ్లు చూసేవారు Downtime ను పదకొండున్నర నుంచి ఉదయం ఆరు వరకు పెట్టుకోవడం మేలు.

ఇంతకీ ఆ ఇంట్లో మా మూడో తరగతి విద్యార్థి మొదటి రోజు ఫోన్ తీసుకుని "నాన్నా, ఇది పాడైపోయిందా?" అని అడిగాడట. ఏం చూడాలో నువ్వే టైప్ చెయ్యమన్నారు. వాడికి రాక్షసబల్లులు కావాలి, 'డైనోసార్' స్పెల్లింగ్ రాదు. మరుసటి రోజు క్లాసులో నన్ను అడిగి నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకెళ్లాడు.