మా అడవి, మన అడవి: ఇంగ్లీషులోకి వెళ్తే ఎందుకు ఒకటైపోతాయి?

ఒక వాక్యం చూడండి. "మా అడవిని మేమే కాపాడుకుంటాం." ఏజెన్సీలో ఏ గ్రామసభలో కూర్చున్నా వినపడే మాటే. దీన్ని ఇంగ్లీషు చేస్తే "వియ్ విల్ ప్రొటెక్ట్ అవర్ ఫారెస్ట్ అవర్‌సెల్వ్స్" అవుతుంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. ఇప్పుడు ఈ ఇంగ్లీషు వాక్యాన్ని, అసలు తీర్మానం చూడని ఇంకొకరికి ఇచ్చి మళ్ళీ తెలుగు చేయమనండి. "మన అడవిని మనమే కాపాడుకుందాం" అని రాసిస్తే ఆ మనిషిని తప్పు పట్టలేం. ఆ ఇంగ్లీషుకి ఇది కూడా సరైన తెలుగే.

కానీ ఈ రెండు తెలుగు వాక్యాలూ ఒకటేనా? మొదటిది హక్కు అడగడం. ఈ అడవి మాది, దీని బాధ్యత మాది, మీరు పక్కకు జరగండి అని అందులో ఉంది. రెండోది అటవీశాఖ వాళ్ళు రోడ్డు పక్కన గోడ మీద రాయించే నినాదం. అందులో అటవీశాఖా ఉంది, కలెక్టరూ ఉన్నాడు, కారు ఆపి ఫొటో తీసుకునే టూరిస్టూ ఉన్నాడు. ఊరి హక్కు కాస్తా అందరికీ చెప్పే నీతివాక్యం అయిపోయింది. మధ్యలో ఎవరూ మోసం చేయలేదు. ఒక భాషలో ఉన్న తేడా ఇంకో భాషలో లేదు, అంతే.

ఆ తేడా ఏమిటో మనకు ఎవరూ బళ్ళో నేర్పక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. "మేము సంతకు వెళ్తున్నాం" అంటే నువ్వు రావడం లేదు. "మనం సంతకు వెళ్తున్నాం" అంటే చెప్పులేసుకో, నువ్వూ వస్తున్నావు. వినేవాడు లోపల ఉంటే మనం, బయట ఉంటే మేము. మా, మన, మాకు, మనకు, మమ్మల్ని, మనల్ని - అన్నిట్లోనూ ఇదే లెక్క. మేము అన్నంత మాత్రాన పగ ఉన్నట్టు కాదు. ఇంటికొచ్చిన చుట్టంతో "మేము పొద్దున్నే తినేశాం" అంటే వాళ్ళను వెలివేసినట్టు కాదు కదా. ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో ఆ మాట చెబుతుంది.

ఒక చిక్కు మాత్రం తెలుగులోనూ ఉంది. క్రియకు ఈ తేడా పట్టదు. మేము ఒప్పుకున్నాం, మనం ఒప్పుకున్నాం - రెంటికీ "ఒప్పుకున్నాం" అనే వస్తుంది. మాటల్లో మనం కర్తను వదిలేస్తూ ఉంటాం. "ఒప్పుకున్నాం సార్" అంటే ఎవరు ఒప్పుకున్నట్టు? అక్కడ కూర్చున్నవాళ్ళకు సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. కాగితం మీదకెక్కాక సందర్భం ఉండదు. ఒక్క "దాం" రూపం మాత్రం దాచడానికి వీల్లేకుండా చెప్పేస్తుంది. "పోదాం రండి", "అడుగుదాం" అన్నప్పుడు వినేవాడు లోపలే ఉన్నాడు. అందుకే ప్రచారాలకు "కాపాడుకుందాం", "నిర్మించుకుందాం" అంత బాగా అమరుతాయి.

ఇంగ్లీషు వాళ్ళకు ఈ ఆలోచనే లేదని అనడం లేదు. వాళ్ళకూ కావాల్సినప్పుడు చెప్పుకుంటారు. "లెట్స్ గో" అంటే పోదాం పద. "లెట్ అజ్ గో" అని విడదీసి పోలీసుతో అంటే మమ్మల్ని వదిలెయ్యండి. కానీ ఈ సదుపాయం అక్కడితో సరి. మిగతా అన్నిచోట్లా "వియ్" ఒక్కటే. అది ఎవరిని కలుపుకుందో, ఎవరిని వదిలేసిందో వినేవాడు ఊహించుకోవాలి. ఆ ఊహించే అధికారం ఆఫీసులో కుర్చీ ఉన్నవాడికి ఉంటే ఏమవుతుందో అదే మన సమస్య.

గ్రామసభ మినిట్స్ తీసుకోండి. సభలో మనవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు "మనం ఒప్పుకుందామా, వద్దా?" అనే అడుగుతారు. ఒకరికొకరు చెప్పుకుంటున్నారు కాబట్టి అది మనం. నిర్ణయం అయ్యాక అక్కడ కూర్చున్న అధికారి వైపు తిరిగి "మేము ఒప్పుకోం" అంటారు. అదే జనం, అదే నిర్ణయం, కానీ సభ గడప దాటగానే మనం కాస్తా మేము అయింది. ఆ మార్పే సభకు హద్దు గీస్తుంది. నిర్ణయించింది ఎవరు, చూడ్డానికి వచ్చింది ఎవరు అనేది అందులోనే ఉంది. ఇంగ్లీషు మినిట్స్‌లో రెండుచోట్లా "వియ్" అనే పడుతుంది. "వియ్ డిస్కస్డ్ అండ్ వియ్ అగ్రీడ్" అని ఉంటే, అందులో ఊరివాళ్ళే ఉన్నారా, సభకు వచ్చిన రెవెన్యూ, ఫారెస్టు, కంపెనీ వాళ్ళు కూడా ఉన్నారా? కాగితం చెప్పదు. సమ్మతి అనే మాటకు ప్రాణమంతా అక్కడే ఉంది మరి.

నియమగిరి గుర్తుందా? బాక్సైట్ గని విషయం గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 ఊళ్ళలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి దగ్గరుండి చూశారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోందుల భాష కువి. అది తెలుగుకి చుట్టమైన ద్రావిడ భాష, అందులోనూ వినేవాడిని కలుపుకునే మాట వేరు, వదిలేసే మాట వేరు. సభలో జడ్జి ఉన్నారు, అధికారులు ఉన్నారు, పోలీసులు ఉన్నారు. వద్దు అన్నది మాత్రం ఊరు. హాజరు కావడం వేరు, సభలో భాగం కావడం వేరు. ఈ తేడాను ఆ భాషలు ఒక్క మాటలో పట్టుకుంటాయి.

మన పక్క భాషలు చూస్తే ఇది ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది. సంతాలీలో వినేవాడు కలిస్తే "ఆబో", కలవకపోతే "ఆలే". అది చాలక, ఇద్దరే ఉంటే మళ్ళీ వేరే మాటలు ఉన్నాయి. మరాఠీ వాళ్ళు "ఆపణ్", "ఆమ్హీ" అంటారు. హిందీ "హమ్"లో ఈ తేడా లేదు. కన్నడం మన ద్రావిడ కుటుంబమే అయినా ఇప్పుడు అందులో "నావు" ఒక్కటే మిగిలింది. అంటే ఇది పోగొట్టుకోడానికి వీలున్న ఆస్తి. దరఖాస్తులు, మెమొరాండాలు, పోస్టులు అన్నీ ముందు ఇంగ్లీషులో ఆలోచించి తర్వాత తెలుగులో రాసే అలవాటు మన చదువుకున్న కుర్రాళ్ళలో పెరుగుతోంది. అలా రాసినప్పుడు మేము ఉండాల్సినచోట మనం వచ్చి కూర్చుంటోంది.

ప్రభుత్వానికి ఈ తేడా బాగా తెలుసు. ఆదివాసీ ఉద్యమం "మావ నాటే మావ రాజ్" అంది, తెలుగులో "మా ఊళ్ళో మా రాజ్యం" అంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం "మన ఊరు - మన ప్రణాళిక" అంది. ఇంగ్లీషు చేస్తే రెండుచోట్లా "అవర్ విలేజ్". కానీ ఒకటి ఊరు రాజ్యంతో చెప్పిన మాట, ఇంకోటి రాజ్యం ఊళ్ళోకి వచ్చి పక్కన కూర్చుని చెప్పిన మాట. మన అనడం చెడ్డదని కాదు. మన అన్నవాడు నష్టంలో కూడా వాటా తీసుకుంటున్నాడా అని అడగాలి. "రాష్ట్రం కోసం మనం కొంత త్యాగం చేయాలి" అని పోలవరం గురించి ఎవరన్నా అంటే, ఆ మనంలో మునిగే ఊరు ఎవరిది? నీళ్ళు వచ్చేటప్పుడు మనం, ఊరు ఖాళీ చేసేటప్పుడు మీరు. ఇలాంటి మాట వినగానే మనంని విడదీసి చూడండి: మీరెంత, మేమెంత? లెక్క తేలకపోతే అది అబద్ధపు మనం.

అదే లెక్క మన వైపూ పెట్టుకోవాలి. సంఘం నాయకుడు ఊళ్ళోకి వచ్చి "మేము నిర్ణయించాం, మీరు సంతకాలు పెట్టండి" అంటే, ఊరిని వినేవాళ్ళ వరసలో నిలబెట్టినట్టే. అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభ కోరం సభ్యుల్లో సగం, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. ఆడవాళ్ళు వెనక నిలబడి వింటూ, మగవాళ్ళు "మేము ఒప్పుకోం" అంటే ఆ మేములో ఆడవాళ్ళు ఉన్నారా? ముందు సభలో అందరి నోటా మనం రావాలి. అప్పుడే బయటికి చెప్పే మేముకి బలం.

ఇక కాగితం దగ్గరకొద్దాం. తీర్మానం ముందు తెలుగులోనో, మీ భాషలోనో రాయండి, దాన్నే అసలుగా ఉంచండి. కర్తను వదలకండి, "ఒప్పుకోం" అని కాదు, "ఫలానా గ్రామసభ సభ్యులమైన మేము ఒప్పుకోం" అని రాయండి. ఇంగ్లీషు కాపీ తప్పనిసరైతే "వియ్"ని నమ్ముకోకండి. ఆ చోట ఊరి పేరుతో గ్రామసభ అని పెట్టండి. "అవర్ ఫారెస్ట్" బదులు, 2006 అటవీ హక్కుల చట్టంలో ఉన్న మాటే వాడండి: గ్రామ సంప్రదాయ సరిహద్దుల్లోని సామూహిక అటవీ వనరు. ఆ సరిహద్దు వాగులూ గుట్టలూ పేర్లతో సహా రాయండి. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు సెక్షన్ 3(1)(ఐ)లో ఉంది, దాన్ని చూపించండి. సభకు వచ్చిన అధికారుల పేర్లు సభ్యుల సంతకాల మధ్యలో కాకుండా, హాజరైనవారు అని విడిగా రాయించండి. మన భాష ఒక్క అక్షరంతో చేసే పని ఇంగ్లీషులో చేయాలంటే ఇంత రాయాలి. రాయాల్సిందే.

రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషులో "వియ్, ద పీపుల్" అని మొదలవుతుంది. తెలుగు చేసినవాళ్ళు ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు; "భారత ప్రజలమైన మేము" అన్నారు. ప్రపంచానికి ప్రకటిస్తున్నట్టుగా మేము. ఆ మేము లోపల అందరం ఒకరికొకరం మనం కావాలి కదా. ఆ మనంలో అడవి అంచున ఉన్న ఊరిని కలిపారా లేదా అన్నది ఆ ఊరి గ్రామసభ వద్దన్న రోజున తేలుతుంది.