గళ్ల చీర మీద పూల రవిక

శ్రావణం పెళ్లిళ్లకు డోన్‌లో రవికలు కుట్టించుకునేవాళ్ల హడావుడి మొదలయింది. గళ్ల చీర మీదికి పూల రవిక నప్పుతుందా అన్న అనుమానమే ఈ సంచికకు దారి చూపింది.

రైలెక్కితే కర్నూలు దాటాక గద్వాల. అక్కడి చీరలో ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి నిండా ఆవపచ్చ రంగులో చిన్న గళ్లు, మెరూన్ అంచు ఉన్న చీరను తీసుకుందాం. దాని మీదికి పెడన అచ్చు కలంకారీ రవిక నప్పాలంటే, పూలలో ఆ మెరూన్ కొంతైనా కనిపించాలి. పువ్వు గడి కంటే రెండు మూడింతలు పెద్దదిగా ఉండాలి. రెండూ ఒకే సైజులో ఉంటే కన్ను దేని మీదా నిలవదు. అలాగని అరచేయంత పువ్వూ వద్దు, టక్కుల దగ్గర, చంకల దగ్గర ముక్కలైపోతుంది. పవిట అంచు రవికను ఆనుకునే చోట సాదా పట్టు పట్టీ ఉంటే రెండు డిజైన్లకూ మధ్య కాస్త ఎడం దొరుకుతుంది.

కుట్టించే ముందే చీర మీద గుడ్డ పరిచి, ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగుగా కలిసిపోతే ఆ జత మార్చాల్సిందే.

చారలకూ గళ్లకూ ఇంత పేచీ లేదు, రెండూ నిలువు అడ్డం గీతలే. పెద్ద గళ్ల లుంగీ మీద సన్నచారల చొక్కా వేసుకుని టీ తాగే పెద్దమనుషులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు! వాళ్ల ఫొటోలూ లోపల వేశాం.