బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టే ముందు

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. గూగుల్ యాడ్స్‌లో రోజుకు 1,000 రూపాయల బడ్జెట్ పెట్టాడు. దసరా ముందు ఒకరోజు ఖర్చు 1,900 చూపించింది. ఆ వారంలోనే కార్డు నుంచి ఒకేసారి 10,000 పోయాయి. మోసం జరిగిందనుకుని బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ లావాదేవీ తాను చేయలేదని డిస్ప్యూట్ పెట్టాడు. బ్యాంకు తాత్కాలికంగా డబ్బు జమ చేసింది. సమస్య తీరిందనుకున్నాడు. కొద్ది రోజులకే గూగుల్ యాడ్స్ ఖాతా సస్పెండ్ అయింది. దీపావళి అమ్మకాలు ప్రకటనలు లేకుండానే గడిచిపోయాయి.

అతనికి జరిగింది మోసం కాదు. గిరాకీ ఉన్న రోజు గూగుల్ రోజువారీ బడ్జెట్‌కు రెట్టింపు దాకా ఖర్చు చేస్తుంది. నెల మొత్తం మీద మాత్రం ఆ బడ్జెట్‌కు 30.4 రెట్లు, అంటే 30,400 రూపాయలు దాటనివ్వదు. 18 శాతం జీఎస్టీ దీనికి అదనం. ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకున్న ఖాతాలో ప్రకటనలు ముందు నడుస్తాయి, డబ్బు తర్వాత కోస్తారు. బాకీ ఒక పరిమితికి చేరినప్పుడు గానీ, నెల మొదటి తేదీన గానీ డెబిట్ అవుతుంది. ఇది తెలియకపోవడం అతని తప్పు కాకపోవచ్చు. కానీ తెలియక పెట్టిన డిస్ప్యూట్‌ను సంస్థ చెల్లింపు ఎగవేతగానే చూస్తుంది.

ఖాతా ఆగడానికి బాకీ ఒక్కటే కారణమైతే దారి కష్టమైనది కాదు. కార్డు గడువు తీరడం, బ్యాంకు ఖాతాలో నిల్వ లేకపోవడం, 15,000 దాటిన ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఓటీపీ కావాల్సి రావడం వంటి వాటివల్ల చెల్లింపు ఆగిపోతుంది. `Billing` విభాగంలోకి వెళ్లి బాకీ మొత్తం కట్టేస్తే, వేరే ఉల్లంఘన లేనప్పుడు ప్రకటనలు మామూలుగా మళ్లీ మొదలవుతాయి.

డిస్ప్యూట్ సంగతి వేరు. బ్యాంకు వెనక్కి ఇప్పించిన 10,000 ఇప్పుడు యాడ్స్ ఖాతాలో బాకీగా నిలబడుతుంది, దానికి అనుమానం కూడా తోడవుతుంది. కాబట్టి ముందు వెళ్లాల్సింది బ్యాంకుకే. డిస్ప్యూట్ ఉపసంహరించుకుంటున్నానని రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, మొత్తం, ఫిర్యాదు నంబరు ఉన్న ధ్రువీకరణ తీసుకోవాలి. బ్యాంకు కేసు ముగించేసి ఉపసంహరణ కుదరదంటే, అదే మాట రాయించుకుని బాకీని నేరుగా ఖాతాలోనే కట్టాలి. ఆ తర్వాతే అప్పీలు. బ్యాంకు పత్రం, చెల్లింపు రసీదు, కార్డు యజమాని గుర్తింపు పత్రం జతచేయాలి. కార్డు మీది పేరూ బిల్లింగ్ ప్రొఫైల్‌లోని పేరూ ఒకటేనా అన్నది చూసుకోవాలి. అన్న కార్డుతో తమ్ముడి ఖాతా నడిపే ఇళ్లు మనకు కొత్త కాదు, అక్కడే చాలా అప్పీళ్లకు చిక్కు వస్తుంది. జరిగింది జరిగినట్టే రాయాలి: లెక్క అర్థం కాక డిస్ప్యూట్ పెట్టాను, ఫలానా తేదీన ఉపసంహరించాను, బాకీ కట్టాను. పత్రాలు చేతికి రాకముందే రోజుకొక అప్పీలు పంపితే ఒరిగేదేమీ లేదు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఖాతా మూతపడిన రోజే భార్య పేరుతోనో, మరో మెయిల్‌తోనో కొత్తది తెరుస్తారు. గూగుల్ దృష్టిలో అది నియమాలను తప్పించుకోవడం, బిల్లు బాకీ కంటే తీవ్రమైన ఉల్లంఘన. కొత్త ఖాతా పోతుంది, దానితో పాత ఖాతాకున్న అవకాశమూ సన్నగిల్లుతుంది. డబ్బిస్తే లోపలి మనుషులతో తెరిపిస్తామనే ఏజెంట్లకు పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేవాళ్లు ఖాతాతో పాటు కార్డునూ పోగొట్టుకుంటారు.

కార్డు నిజంగానే దొంగల చేతిలో పడితే ఈ జాగ్రత్తలేవీ అడ్డు కాకూడదు. వెంటనే కార్డు బ్లాక్ చేయించాలి, 1930కి ఫోన్ చేయాలి. మీ తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని 3 పని దినాల్లోపు బ్యాంకుకు తెలిపితే నష్టం మీ మీద పడదన్నది 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. డిస్ప్యూట్ హక్కు ఉన్నది అందుకే. ప్రకటనకు అమ్మకాలు రాలేదనో, బిల్లు ఎక్కువనిపించిందనో దాన్ని వాడొద్దు. అనుమానం వస్తే `Transactions` పేజీ తెరిచి తేదీలవారీగా ఖర్చు చూసుకోండి, అప్పటికీ తేలకపోతే గూగుల్ సహాయ విభాగానికి రాయండి. బ్యాంకుకు ఫోన్ చేయడం ఆ తర్వాత.