ఎనిమిది వందల సరుకు యాభైకి ఎట్లా వస్తుంది?

ఈ నెల పిల్లల ఫోన్లలో నడిచే ఒక బేరం గురించి రాస్తున్నాను. దీని సంగతి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. ఖాతాలో పైసలు తగ్గినాకనే తెలుస్తున్నది. కమలాపూర్‌లో నా రీఛార్జి దుకాణానికి వచ్చే పోరగాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: “మామా, డైమండ్లు చౌకగా ఎక్కడ దొరుకుతయి?”

డైమండ్లంటే ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ అనే ఫోన్ ఆటలో చెల్లే పైసలు. వాటితో ఆటలోని బొమ్మకు బట్టలు, తుపాకీకి రంగులు కొంటారు. ‘బీజీఎంఐ’ ఆటలో ఇట్లాంటి వాటినే యూసీ అంటారు. అసలు రూపాయలు ఇచ్చి వీటిని నింపుకోవడమే టాప్‌అప్. ఆటలోపలే కొంటే 100 డైమండ్లకు సుమారు 80 రూపాయలు, వెయ్యి పైచిలుకు డైమండ్లకు సుమారు 800 రూపాయలు పడుతుంది. అదే వెయ్యిని 50 రూపాయలకు ఇస్తామని వీడియోల కింద, టెలిగ్రామ్ గుంపుల్లో రాస్తుంటారు. అడ్డికి పావుశేరు అమ్మేవాణ్ని చూస్తే మన పెద్దలు ముందు సరుకు ఎక్కడిదని అడుగుతారు. ఇక్కడా ఆ ప్రశ్నే అడగాలి.

కిరాణా దుకాణం లెక్కే తీసుకోండి. శేటు తన లాభమంతా వదులుకున్నా బియ్యం కొన్న ధర కంటే తక్కువకు ఇవ్వలేడు. డైమండ్లదీ అంతే. ఆటలోపల కొన్నప్పుడు ప్లే స్టోర్ నడిపే గూగుల్ తన వాటాగా మామూలుగా 15 నుంచి 30 శాతం తీసుకుంటుంది. కంపెనీతో ఒప్పందం ఉన్న బయటి సైట్లు ఆ వాటా మిగులుతుంది కాబట్టి కొన్ని డైమండ్లు ఎక్కువ ఇవ్వగలవు. ఆ 30 శాతం మొత్తం మనకే వదిలేశారనుకుందాం. అప్పుడు 800 కాస్తా 560 అవుతుంది. ఎంత గింజుకున్నా 50 కాదు.

మరి యాభైకి అమ్మేవాని దగ్గర ఉన్నదేమిటి? మూడు రకాలు ఉంటాయి. మొదటి రకం వాని దగ్గర సరుకే ఉండదు, మన యాభై తీసుకుని మాయమవుతాడు. రెండో రకం వాడు నిజంగానే డైమండ్లు వేస్తాడు, కానీ ఎవరిదో దొంగిలించిన కార్డుతో కొని వేస్తాడు. కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కు పోతుంది. అప్పుడు కంపెనీ ఆ డైమండ్లను తిరిగి లాక్కోవచ్చు, అప్పటికే ఖర్చయితే ఖాతా మైనస్‌లోకి పోవచ్చు, లేదా ఖాతానే మూసేయొచ్చు. కొన్న పిల్లవాడు “నాకు వచ్చినయి కదా, మంచోడే” అని దోస్తులందరికీ చెప్పినాక కొన్ని రోజులకు ఇది జరుగుతుంది. మూడో రకం వానికి మన యాభై అక్కరలేదు. వానికి కావాల్సింది మన పాస్‌వర్డ్, మన ఫోన్.

ఇక ‘డైమండ్ జనరేటర్’, ‘హ్యాక్’ అని పేర్లు పెట్టి ఉచితంగా ఇస్తామనే యాప్‌ల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. డైమండ్ల లెక్క మన ఫోన్లో ఉండదు, కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. ఫోన్ దాన్ని చూపిస్తుందంతే. బ్యాంకు పాసుబుక్కులో మనం పెన్నుతో ఒక సున్నా చేర్చినంత మాత్రాన ఖాతాలో డబ్బు పెరుగుతుందా? ఇదీ అంతే. ఫోన్లో వేసుకున్న ఏ యాప్ కూడా ఆ లెక్కను పెంచలేదు.

ఇట్లాంటి నకిలీ యాప్‌లు మన దేశంలో నమ్మించడానికి ఒక కారణం ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆపేసిన 54 యాప్‌లలో పాత ‘ఫ్రీ ఫైర్’ కూడా ఉంది. ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ మాత్రం మిగిలింది. తర్వాత 2023 సెప్టెంబరు 5న ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ తెస్తున్నామని గరీనా కంపెనీ చెప్పింది, ధోనీ పేరుతో ప్రచారం కూడా చేసింది. తీరా విడుదల ముందు వాయిదా వేసింది. పిల్లలేమో దాని కోసం వెతుకుతున్నారు, అసలుది బయటకు రాలేదు. ఇట్లాంటి ఖాళీలోనే నకిలీలు దూరతాయి. ప్లే స్టోర్‌లో లేని ఆటను లింకు పంపి వేసుకోమన్నారంటే అది అసలుది కాదనే అనుకోండి.

ఇప్పుడు మా దగ్గర జరిగిన ఒక బేరాన్ని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. పేర్లు వద్దు. తండ్రి మిల్లు పనికి బల్లార్‌పూర్‌లో ఉంటాడు, తల్లి ఇక్కడ కూలికి పోతుంది. పోరడు తొమ్మిదో తరగతి. ఒక వీడియో కింద లింకు నొక్కితే సైట్ తెరుచుకుంది. కంపెనీ బొమ్మలు, రంగులు అన్నీ అచ్చం అసలు వాటిలాగే ఉన్నాయి. పైన గడియారం వెనక్కు తిరుగుతున్నది, ఇంకా పది నిమిషాలే అని. కింద “ఇప్పుడే ఫలానా ఆటగాడు కొన్నాడు” అని పేర్లు పరుగెడుతున్నాయి.

పోరడు తన ప్లేయర్ ఐడీ కొట్టి, తల్లి ఫోన్ నుంచి 50 కట్టాడు. డైమండ్లు రాలేదు. జీఎస్టీ బాకీ ఉందని 199 అడిగింది సైట్, కట్టాడు. తర్వాత ఖాతా తనిఖీకి 499 కట్టాలి, అది తిరిగి ఇస్తామన్నది. ముందు పోయిన 249 రాబట్టుకోవాలనే ఆశతో అదీ కట్టాడు. మొత్తం 748 రూపాయలు. ఇంకో యాభై రెండు వేస్తే ఆటలోనే అసలు డైమండ్లు వచ్చేవి. చివరికి ఆ సైట్ ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వమన్నది. పాస్‌వర్డ్ కొట్టాడు. తెల్లారేసరికి ఆట ఖాతా తెరుచుకోలేదు, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ కూడా మారిపోయింది.

ఈ మెట్లను చూడండి. మొదటి మెట్టు చిన్నది, ఎవరైనా ఎక్కుతారు. తర్వాతి ప్రతి మెట్టూ ముందు పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఎక్కుతారు. నిజమైన దుకాణంలో పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. ఒకసారి కట్టినాక పన్నని, తనిఖీ అని రెండోసారి అడిగిన క్షణమే అది మోసమని తేలిపోయినట్టు. అక్కడ ఆగితే పోయేది 50 మాత్రమే.

డబ్బు కట్టకముందే పట్టుకునే దారి కూడా ఉంది. సైట్ పైన ఉండే చిరునామా చదవాలి. తాళం గుర్తు చూసి నమ్మొద్దు. దారిలో మన మాటలు వేరేవాళ్లు వినలేరని మాత్రమే దాని అర్థం. దారి చివర కూర్చున్నవాడు దొంగైనా తాళం ఉంటుంది. గరీనా కంపెనీ బహుమతి కోడ్‌లు తీసుకునే అసలు చిరునామా ఇది:

```
reward.ff.garena.com
```

ఇక నేను మచ్చుకు అల్లిన నకిలీ ఇట్లా ఉంటుంది:

```
reward.ff.garena.com.diamond-offer.example
```

రెండింటిలో garena.com ఉంది. కానీ చిరునామాను ఎడమ నుంచి కాదు, కుడి చివర నుంచి చదవాలి. మొదటి గీత, అంటే / గుర్తు వచ్చే ముందు చివర ఉన్న పేరే ఇంటి యజమానిది. మొదటిదాని చివర garena.com ఉంది. రెండోదాని చివర diamond-offer.example ఉంది. ముందున్నదంతా యజమాని తన గోడ మీద రాసుకున్న బోర్డు. ఎవరి గోడ మీద వాళ్లు ఏ పేరైనా రాసుకోవచ్చు.

ఇంకో పరీక్ష ఉంది. ప్లేయర్ ఐడీ అడిగిన చోట కావాలనే తప్పు అంకెలు కొట్టండి. అసలు టాప్‌అప్ సైట్ ఇట్లాంటి ఆటగాడు లేడంటుంది. నకిలీది చాలాసార్లు తప్పు ఐడీకి కూడా “వెరిఫై అయింది” అంటుంది. అయితే సరైన పేరు చూపించినంత మాత్రాన అది మంచిదని కాదు. ఐడీ నుంచి ఆటగాని పేరు తీయడం నకిలీవాళ్లకూ వచ్చు. ఈ పరీక్షలో తప్పితే దొంగ అని చెప్పొచ్చు గానీ, పాసైతే దొర అని చెప్పలేం.

ఆ పోరని తల్లి నా దగ్గరికి వచ్చి, “అన్నా, పైసలు పోతే పోయినయి, మల్ల పోకుండ ఏం జెయ్యాలె?” అన్నది. ముందు ‘1930’కు ఫోన్ చేయమన్నాను. అది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. ఫోన్ కలవకపోతే cybercrime.gov.in లో రాయొచ్చు, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోవచ్చు. వాళ్లు అడిగేవి ఇవి: ఏ బ్యాంకు, ఎంత, ఎప్పుడు, యూపీఐ లావాదేవీ నంబరు ఎంత. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపును తెరిస్తే 12 అంకెల నంబరు కనిపిస్తుంది. మూడుసార్లు కట్టారు కాబట్టి మూడు నంబర్లూ ఇవ్వాలి. సైట్ చిరునామాను, మాటల్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి, చెరిపేయొద్దు.

ఇందులో గంటల లెక్క ముఖ్యం. డబ్బు ఇంకా వాని ఖాతాలో ఉంటే బ్యాంకు ఆపగలదు. వాడు ఏటీఎంలో తీసేశాడంటే ఆపడానికి ఏమీ మిగలదు. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టే పిల్లవాని ఇంటికి అది తిరిగి రావడం కష్టం. అందుకే చెప్పినందుకు కొట్టకండి. కొడితే వచ్చేసారి అసలే చెప్పడు. పోయిన డబ్బు తెప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే వాళ్లూ అదే ముఠాకు చుట్టాలే.

ఇంకొక మాట పెద్ద పిల్లల తల్లులకు. “నీ క్యూఆర్ కోడ్ ఇయ్యి, డైమండ్లు కొనేవాళ్ల పైసలు నీ ఖాతాకు వస్తాయి, నీకు కమీషన్ ఉంచుకుని మిగతాది పంపు” అని పిల్లల్ని ఏజెంట్లుగా పెట్టుకుంటున్నారు. మోసపోయిన వాళ్లు ఫిర్యాదు చేసినప్పుడు ఆగిపోయేది మీ ఖాతా. జీతం, లాడ్‌కీ బహీణ్ 1,500 పడే ఖాతా అదే అయితే ఆ నెల ఇల్లు ఎట్లా గడుస్తుంది? పోలీసులు ముందు వచ్చేది కూడా మీ గడపకే.

కొనిపించకుండా ఉండలేమనే ఇళ్లకు నేను చెప్పే దారి ఒకటే. ఆట ఫోన్లో యూపీఐ వద్దు. పుట్టినరోజుకో పండుగకో ఇంత అని ఒప్పుకుని, ఆ మేరకే గూగుల్ ప్లే రీఛార్జి చేయించండి. పిల్లవాడు ఆటలోపలే ఆ పైసలతో కొనుక్కుంటాడు, అయిపోతే ఆగిపోతాడు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. సెట్టింగు దొరకకపోతే ఫోన్ పట్టుకుని ఆదివారం దుకాణానికి రండి, అంగడి రోజైనా సరే, పెట్టి ఇస్తాను.