ఎన్ని గదులు నిండాయని కాదు.. ఎంత వేగంగా నిండుతున్నాయి?

2023 జూన్ 27న వన్డే ప్రపంచకప్ షెడ్యూలు వచ్చింది. భారత్, పాకిస్థాన్ మ్యాచ్ అక్టోబరు 15న అహ్మదాబాద్‌లో అని తెలియగానే అక్కడి హోటళ్లలో గది అద్దెలు కొన్ని రెట్లు పెరిగాయి. మ్యాచ్‌కు అప్పటికింకా మూడున్నర నెలల సమయముంది. అంత ముందే ధర ఎలా పెంచారు? ఎంతకు పెంచాలో ఎవరు చెప్పారు?

ఆ లెక్క వేసేది హోటల్‌లోని రెవెన్యూ మేనేజ్‌మెంట్ విభాగం. రెవెన్యూ అనలిస్ట్, రెవెన్యూ ఎగ్జిక్యూటివ్ పోస్టులు ఇందులోవే. మీరు ఈ ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురుకావచ్చు: ‘బుధవారానికి 45 గదులు, శనివారానికి 55 గదులు బుక్ అయ్యాయి. ఏ రోజు ధర పెంచుతారు?’ చాలామంది శనివారం అనేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రెండు తేదీలు, ఒకే హోటల్

హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర వంద గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. గది ధర రూ.5,500. ఆ బుధవారం, శనివారం రెండూ ఇంకా సుమారు రెండు వారాల దూరంలో ఉన్నాయి.

ముందుగా పాత రికార్డు చూడాలి. గత ఎనిమిది బుధవారాల్లో, సరిగ్గా 14 రోజుల ముందు సగటున 30 గదులే బుక్ అయి ఉన్నాయి. చివరికి 80 నిండాయి. కంపెనీ పని మీద వచ్చేవాళ్లు ఆలస్యంగా బుక్ చేస్తారు కాబట్టి ఆఖర్లో 50 గదులు కలిశాయన్నమాట. రద్దయినవి పోగా ఇలా కలిసే గదులను పికప్ అంటారు. శనివారాలది వేరే కథ. పెళ్లిళ్లకు, కుటుంబ వేడుకలకు వచ్చేవాళ్లు ముందే బుక్ చేసుకుంటారు. అక్కడ 14 రోజుల ముందే 62 గదులు ఉండేవి, చివరికి 72 అయ్యేవి. పికప్ పదే.

ఇప్పుడు పోల్చండి. బుధవారం మామూలుగా 30 ఉండాల్సిన చోట 45 ఉన్నాయి. శనివారం 62 ఉండాల్సిన చోట 55 ఉన్నాయి. ఈ వేగాన్నే బుకింగ్ పేస్ అంటారు. బుధవారం ముందుకెళ్తోంది, శనివారం వెనకబడింది. పాత పికప్‌ను కలిపితే బుధవారం అంచనా 95 గదులు, శనివారం అంచనా 65. తక్కువ నిండిన రోజుకే ధర పెంచాలి.

ఆ 15 గదులు ఎవరివి?

ధర మార్చే ముందు ఒక పని మిగిలి ఉంది. బుధవారం ఎక్కువగా వచ్చిన 15 బుకింగ్‌లు ఎవరివో తెరిచి చూడాలి. ఒకే కంపెనీ ట్రైనింగ్ కోసం తీసుకున్న గ్రూప్ అయితే మిగతా గిరాకీ ఎప్పటిలాగే ఉంటుంది, 95 అంచనా సరిపోతుంది. అలా కాకుండా వేర్వేరు వ్యక్తులు వేర్వేరు సైట్లలో చేసుకున్నవైతే, నగరంలో ఏదో సదస్సు ఉందని అర్థం. అప్పుడు మిగతా బుకింగ్‌లూ అదే నిష్పత్తిలో పెరగొచ్చు. 30 గదులు 80 అయినట్టే 45 గదులు 120 కావాలి. ఉన్నవి వందే. ధర మార్చకుండా కూర్చుంటే గదులు ముందే అయిపోయి, ఎక్కువ చెల్లించడానికి సిద్ధంగా ఉన్న చివరి నిమిషం కస్టమర్‌కు ‘లేవండీ’ అని చెప్పాల్సి వస్తుంది.

సదస్సు ఉందని తేలిందనుకోండి. మిగిలిన 55 గదుల ధర రూ.6,800కు పెంచితే? పాత ధరకు 55 గదులూ అమ్మితే వచ్చేది రూ.3,02,500. కొత్త ధరకు 45 గదులు అమ్మినా రూ.3,06,000 వస్తుంది. అంటే పదిమంది వెనక్కి వెళ్లినా నష్టం లేదు. మీ నిర్ణయానికి ఉన్న వెసులుబాటు అంతే. పదకొండో గది కూడా ఖాళీగా మిగిలితే పెంచినందుకు నష్టపోయినట్టే.

అందుకే ధర పెంచాక రోజూ పికప్ చూస్తుంటారు. ఆ బుధవారాల్లో మొదటి వారంలో 20, చివరి వారంలో 30 గదులు వచ్చేవనుకుందాం. ఏడు రోజుల ముందు చూస్తే పదే వచ్చాయంటే మార్కెట్ మీ ధరను ఒప్పుకోలేదన్నమాట. ఒక మెట్టు దిగాలి. చివరి రోజు దాకా పట్టుపట్టి కూర్చుంటే లాభం ఉండదు. ఆ రాత్రి ఖాళీగా పోయిన గదిని మర్నాడు అమ్ముకోలేం కదా!

శనివారం తగ్గించేస్తే సరిపోతుందా?

శనివారం ధర రూ.4,800కు తగ్గించామనుకోండి. రావాల్సిన పది గదుల బదులు ఇరవై వచ్చాయి. మొత్తం ఆదాయం రూ.3,57,500 నుంచి రూ.3,98,500కు పెరగాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ ముందే రూ.5,500కు బుక్ చేసుకున్న 55 మందికి ఉచితంగా రద్దు చేసుకునే వీలుంటే? పాతది రద్దు చేసి కొత్త ధరకు మళ్లీ బుక్ చేస్తారు. అందరూ అలా చేస్తే 75 గదుల మీద వచ్చేది రూ.3,60,000. పది గదులు అదనంగా శుభ్రం చేసి సంపాదించింది రూ.2,500!

అందుకే అనుభవమున్నవాళ్లు అందరికీ కనిపించే ధరను అంత సులువుగా తగ్గించరు. తగ్గింపుకు షరతు పెడతారు. డబ్బు తిరిగి ఇవ్వం అనో, సభ్యులకు మాత్రమే అనో, రెండు రాత్రులు ఉంటేనే అనో అంటారు. పాత కస్టమర్ అటు దూకడానికి వెనకాడతాడు, కొత్త కస్టమర్ వస్తాడు.

పెంచడంలోనూ ఒక గట్టు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. రూ.7,500 గదికి కస్టమర్ కట్టేది రూ.7,875. హోటల్ వంద రూపాయలు పెంచి రూ.7,600 చేస్తే అతను కట్టేది రూ.8,968. కంప్యూటర్ రూ.7,600 అని సూచించినా, అక్కడ ఆగి ఆలోచించాల్సింది మనిషే.

అంచనా తప్పితే..

మళ్లీ అహ్మదాబాద్‌కు వద్దాం. ఆగస్టు 9న ఆ మ్యాచ్‌ను ఒక రోజు ముందుకు, అక్టోబరు 14కు జరిపారు. ఇలాంటి మార్పు వస్తే ప్రతి రాత్రి అంచనానూ మళ్లీ మొదటి నుంచి వేయాలి. పాత తేదీకి పేరుకున్న బుకింగ్‌లలో ఎన్ని నిలుస్తాయో పేస్ చార్టు చెప్పదు. రద్దుకు వీలున్నవి ఎన్ని, డబ్బు కట్టేసినవి ఎన్ని అని విడదీస్తేనే తెలుస్తుంది. పెద్ద హోటళ్లలో ఐడియాస్, డ్యుయెట్టో వంటి సాఫ్ట్‌వేర్లు అంచనాలు వేస్తాయి. అయితే వాటికి తెలిసింది ఎక్కువగా గతమే. నిన్న మారిన తేదీని వాటికి చెప్పాల్సింది అనలిస్టే.

కాబట్టి ఇంటర్వ్యూలో ‘శనివారానికి 55 గదులు నిండాయి, ఏం చేస్తారు?’ అనడిగితే వెంటనే జవాబివ్వకండి. మూడు ప్రశ్నలు తిరిగి అడగండి. ఇంకా ఎన్ని రోజులుంది? మామూలుగా ఈపాటికి ఎన్ని ఉంటాయి? వాటిలో ఎన్ని రద్దు కావచ్చు? వచ్చిన జవాబులతో పైన చూసిన లెక్కే కాగితం మీద వేసి చూపించండి.