నెల ముందు చెప్పే ధర

అట్టపెట్టెల తయారీదారుకు పేపర్ మిల్లు నుంచి వచ్చే కబురు క్లుప్తంగా ఉంటుంది. రేపటి లోడుకు కిలోకు ఇంత పెరిగింది, కావాలంటే తీసుకోండి. అదే తయారీదారు తన దగ్గర పెట్టెలు కొనే మందుల కంపెనీకి అలా చెప్పలేడు. అక్కడ ఏడాది రేటు ఒప్పందం ఉంటుంది, కొనుగోలు విభాగం ఉంటుంది, పై అధికారి సంతకం ఉంటుంది. ఒకవైపు గంటల్లో మారే ధర, మరోవైపు నెలలు పట్టే ఆమోదం. ఈ రెంటి మధ్య నలిగేది చిన్న పరిశ్రమే.

2020 చివరి నుంచి 2021 వరకు దేశమంతటా పెట్టెల యూనిట్లు ఈ ఇరకాటాన్ని చవిచూశాయి. పెట్టెకు ముడిసరుకు క్రాఫ్ట్ పేపర్. దానికి ముడిసరుకు చిత్తు కాగితం. లాక్‌డౌన్‌తో ఆఫీసులు, స్కూళ్లు మూతపడి చిత్తు కాగితం సేకరణ తగ్గింది. కంటైనర్ల కొరతతో దిగుమతి సరుకు ఖరీదైంది. వీటికి తోడు 2021 జనవరి 1 నుంచి చైనా వ్యర్థాల దిగుమతిని పూర్తిగా నిషేధించింది. చిత్తు కాగితం దొరకని చైనా మిల్లులు తయారైన కాగితం చుట్టలను బయటి నుంచి తెప్పించుకున్నాయి. భారత మిల్లులు అటు అమ్మడం మొదలుపెట్టగానే ఇక్కడ ధర ఎగబాకింది.

అలాంటి వేళ ధర పెంచక తప్పదు. ఎంత పెంచాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవే అసలు ప్రశ్నలు.

ముందు లెక్క. ఉదాహరణకు అర కిలో బరువుండే ఒక పెట్టెను తీసుకుందాం. 5 శాతం తరుగు కలిపితే 525 గ్రాముల కాగితం కావాలి. కిలో రూ.26 ఉన్నప్పుడు కాగితం ఖర్చు రూ.13.65. గంజి జిగురు, సిరా, కరెంటు, కూలి, రవాణా అన్నీ కలిపి రూ.5. మొత్తం రూ.18.65. రూ.20కి అమ్మితే మిగిలేది రూ.1.35. ఇప్పుడు కాగితం కిలో రూ.34 అయిందనుకుందాం. కాగితం ఖర్చు రూ.17.85కు, మొత్తం ఖర్చు రూ.22.85కు చేరుతుంది. పాత ధరకే అమ్మితే పెట్టెకు రూ.2.85 చేతి నుంచి పోతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. కాగితం 31 శాతం పెరిగింది కాబట్టి పెట్టె ధరనూ 31 శాతం పెంచుతూ ఉత్తరం రాసేస్తారు. నిజానికి పెరిగిన ఖర్చు రూ.4.20. కొత్త ధర రూ.24.20 కావాలి, అంటే పెరుగుదల 21 శాతమే. కూలి, కరెంటు పెరగలేదు కదా. అవతల కూర్చున్న కొనుగోలు అధికారికి పెట్టె బరువు తెలుసు, కాగితం ధరా తెలుసు. 31 శాతం అడిగిన ఉత్తరాన్ని ఆయన నిమిషంలో పట్టేస్తాడు. ఆ తర్వాత ఎంత న్యాయమైన అంకె చెప్పినా బేరం తప్పదు.

ఇక గడువు. నెల రోజులు ముందు చెప్పడమంటే ఆ నెల భారం తయారీదారు మోయడమే. అది ఎంతో ముందే తెలుసుకోవచ్చు. ఆ కంపెనీ నెలకు 10 వేల పెట్టెలు కొంటుందని, గోదాములో పాత ధరకు కొన్న కాగితం సగం నెలకు సరిపోతుందని అనుకుందాం. మొదటి 5 వేల పెట్టెలపై ఎప్పటిలాగే రూ.6,750 మిగులుతుంది. తర్వాతి 5 వేలపై రూ.14,250 పోతుంది. నెల మొత్తానికి నష్టం రూ.7,500. ఏళ్ల తరబడి కొనే ఖాతాదారును నిలుపుకోవడానికి ఇది భరించదగ్గ మొత్తమే. గోదాములో నిల్వ అసలు లేనివాడికి లెక్క వేరు. అతను 15 రోజుల గడువు అడగడంలో తప్పులేదు.

అయితే ఒక చిక్కుంది. ధర పెరుగుతుందని తెలిసిన కొనుగోలుదారు ఆ నెలలోనే మూడు నెలల సరుకు అడగవచ్చు. అదనంగా 20 వేల పెట్టెలు పాత ధరకు ఇస్తే మరో రూ.57 వేలు నష్టం. అందుకే గడువులో పాత ధరకు ఇచ్చే సరుకు గత మూడు నెలల సగటును మించదని ఉత్తరంలోనే రాయాలి.

చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. అంగీకరించిన పర్చేజ్ ఆర్డర్ ఒక ఒప్పందం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే దాన్ని మార్చగలరు. ముడిసరుకు ధర పెరగడమే ఒప్పందం నుంచి తప్పుకోవడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 1960లో అలోపీ ప్రసాద్ కేసులో చెప్పింది. ఇండోనేసియా బొగ్గు ధర పెరిగిందన్న విద్యుత్ కంపెనీల వాదననూ 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో తోసిపుచ్చింది. అంటే చేతిలో ఉన్న ఆర్డర్లు పాత ధరకే పంపాలి. కొత్త ధర కొత్త ఆర్డర్లకే. ఊళ్లోని తయారీదారులంతా కూడబలుక్కుని ఒకే పెంపు ప్రకటించడం ఇంకా ప్రమాదం. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందికి వస్తుంది.

కబురు ముందు ఫోన్‌లో, ఆ రోజే ఉత్తరంలో చేరాలి. ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

"కొనుగోలు విభాగం మేనేజర్ గారికి, నమస్కారం. మేము వాడే క్రాఫ్ట్ పేపర్ ధర కిలో రూ.26 నుంచి రూ.34కు పెరిగింది. మిల్లు బిల్లుల నకళ్లు జతచేశాము. మీ అర కిలో పెట్టెలో కాగితం 525 గ్రాములు. కాబట్టి ఆగస్టు 1 నుంచి ఇచ్చే ఆర్డర్లకు ధర రూ.20 బదులు రూ.24.20 అవుతుంది. మిగతా ఖర్చులు, మా లాభం మార్చలేదు. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లను, జులై 31లోగా ఇచ్చే 10 వేల పెట్టెల ఆర్డరును పాత ధరకే పంపుతాము. కాగితం ధర కిలోకు రూ.2 తగ్గినా పెరిగినా ఇదే లెక్కన పెట్టె ధర మారుస్తాము. జులై 20లోగా సవరించిన ఆర్డర్ పంపగలరు."

చివరి వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. బిల్లులోని ధర, ఆర్డరులోని ధర కలవకపోతే కంపెనీ అకౌంట్స్ విభాగం బిల్లును పక్కన పెడుతుంది. పెరిగిన రూ.4.20 కోసం మొత్తం రూ.24.20 ఆగిపోతుంది. నోటి మాటగా 'సరే, పంపండి' అన్న మేనేజర్ ఆ రోజు సెలవులో ఉంటాడు. సవరించిన ఆర్డర్ చేతికి రాకుండా కొత్త ధర బిల్లు వేయకూడదు.

ధర తగ్గినప్పుడు తగ్గిస్తామన్న మాటా అంతే ముఖ్యం. కొనుగోలుదారు మొదట అడిగేది అదే. ఏడాది ఒప్పందంలోనే ఆ సూత్రం రాసుకున్నవాళ్లకు మరోసారి బేరం ఉండదు, అంకె మార్చుకుంటే చాలు.

ఈ ఉత్తరం రాయడానికి వెనకాడేవాళ్లు వెతుక్కునే దొడ్డిదారి ఒకటుంది. ధర కదపకుండా కాగితం మందం తగ్గించడం. పెట్టెను తూకం వేసినా, పగులు బలం పరీక్ష చేసినా అది బయటపడుతుంది. పరీక్ష చేయకపోతే గోదాములో దొంతర అడుగున ఉన్న పెట్టె కుంగినప్పుడు బయటపడుతుంది. నాలుగు రూపాయలు అడగడానికి మొహమాటపడిన మనిషి అప్పుడు పెట్టెలోని మందుల ఖరీదుకు జవాబు చెప్పాల్సి వస్తుంది.