భుజం దాకా లేచే బంతికి రెండు చేతులే మేలు

మొన్న ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు పాత రాకెట్ పట్టుకొని గోడకు బంతి కొడుతూ కనిపించాడు. ఎడమవైపు వచ్చిన బంతిని ఒంటిచేత్తో, చెయ్యి చాపి అందంగా కొడుతున్నాడు. నన్ను చూసి ఆగి, "అన్నా, ఫెదరర్ లెక్క కొడుతున్న గదా. రెండు చేతులతోటి కొట్టుమంటున్నడు మా పీఈటీ సారు. ఏది మంచిదే?" అని అడిగాడు. వాడి ఎత్తు 149 సెంటీమీటర్లు. ఆ రోజు వాడికి పూర్తిగా చెప్పలేకపోయిన జవాబునే మన వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాను.

ఎత్తు తక్కువున్న పిల్లలు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. దీనికి కారణం భుజం దాకా లేచే బంతి.

కుడిచేతి వాటం ఆటగాడు ఎడమవైపు వచ్చే బంతిని కొట్టడమే బ్యాక్‌హ్యాండ్. ఒంటిచేత్తో కొట్టేటప్పుడు బంతి ముందు పాదం కంటే ఇంకా ముందే రాకెట్‌కు తగలాలి. ఎత్తు నడుము దగ్గరుంటే భుజం బలమంతా చాచిన చేతిగుండా బంతికి చేరుతుంది. అదే బంతి భుజం ఎత్తుకు వస్తే చేతి వెనక ఆసరా ఉండదు. మణికట్టు లొంగిపోతుంది, రాకెట్ ముఖం ఆకాశం వైపు తెరుచుకుంటుంది, బంతి నీరసంగా గాలిలోకి లేస్తుంది. రెండు చేతులతో కొడితే ఎడమచెయ్యి పిడి వెనక నుంచి తోస్తుంది. నిజానికది ఎడమచేతి వాటం వాడి ఫోర్‌హ్యాండ్ లాంటిదే. బంతి కొంచెం ఆలస్యంగా, ఒంటికి దగ్గరగా తగిలినా దెబ్బ చెడిపోదు.

ఈ ఇబ్బంది ఫెదరర్‌కే వచ్చింది. ఆయన ఎత్తు 185 సెంటీమీటర్లు. నడాల్ ఎడమచేత్తో బాగా తిప్పి కొట్టిన బంతులు పారిస్ ఎర్రమట్టి మీద ఎగిరి ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ వైపు భుజం పైకి వచ్చేవి. 2006, 2007, 2008, 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్స్‌లో నడాల్ చేతిలో ఆయన ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. 2014లో పెద్ద ముఖం ఉన్న రాకెట్‌కు మారి, బంతి పైకి లేవకముందే ముందుకొచ్చి కొట్టడం అలవాటు చేసుకున్నాక, 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో అదే నడాల్‌ను ఐదు సెట్లలో గెలిచాడు. అంతటివాడికే అన్నేళ్లు పట్టింది. మన తమ్ముడి భుజం నేల నుంచి 120 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. ఫెదరర్‌కు హాయిగా ఛాతీ కిందికి వచ్చే బంతి వీడికి భుజం మీదికి వస్తుంది.

"మరి నాకు బాగానే తగులుతున్నది గదా అన్నా" అన్నాడు వాడు. నిజమే, తగులుతున్నది. ఎందుకంటే మన మైదానం మట్టిది, బంతులు పాతవి. కొత్త బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలన్నది నియమం. గోడ మీద సుద్దముక్కతో ఆ గీతలు గీసి, మన బంతిని సిమెంటు వరండాలో వదిలి చూశాం. కింది గీతకు చాలా దిగువనే ఆగిపోయింది. చచ్చిన బంతి, మెత్తటి మట్టి కలిస్తే బంతి ఎప్పుడూ నడుము దాటదు. అందుకే ఇక్కడ ఒంటిచేతి దెబ్బ బాగున్నట్టే అనిపిస్తుంది. సెలక్షన్‌కని హైదరాబాద్ వెళ్లి గట్టి కోర్టు మీద కొత్త బంతితో ఆడితే, మొదటి పది నిమిషాల్లోనే అవతలివాడు కనిపెట్టి ఎత్తుగా బ్యాక్‌హ్యాండ్ వైపే వేస్తాడు. ఏడాది కష్టం అక్కడ పోతుంది.

ఆ తర్వాత వాడికి వరండాలో చేత్తో బంతులు వేశాను. నడుము ఎత్తులో ఒంటిచెయ్యి, రెండు చేతులు దాదాపు సమానంగానే వచ్చాయి. భుజం ఎత్తులో వేసినప్పుడు ఒంటిచేత్తో కొట్టినవాటిలో సగం కూడా నెట్ ఎత్తుకు కట్టిన తాడు మీదుగా గట్టిగా పోలేదు. రెండు చేతులతో చాలావరకు పోయాయి. మీరూ ఈ పరీక్ష చేసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

ఎదుటి వాదన కూడా చెప్పాలి. బెల్జియం అమ్మాయి జస్టిన్ హెనిన్ ఎత్తు 167 సెంటీమీటర్లే. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో 2003, 2005, 2006, 2007లలో అదే పారిస్ మట్టి మీద గెలిచింది. కాని ఆమె బంతి భుజం దాకా లేచేవరకు ఆగేది కాదు. భుజాలు ముందే పూర్తిగా తిప్పుకొని, లేస్తున్న బంతినే కొట్టేది. దానికి చాలా చురుకైన కాళ్లు కావాలి, తప్పు జరిగిన క్షణాన చెప్పే కోచ్ పక్కనుండాలి. ఆమెకు టీనేజీ నుంచీ కార్లోస్ రోడ్రిగెజ్ అనే కోచ్ ఉన్నాడు. మనకు ఆ వసతి లేదు. మన పరిస్థితికి దగ్గరి ఉదాహరణ అర్జెంటీనా ఆటగాడు డియేగో ష్వార్ట్‌జ్‌మన్. 170 సెంటీమీటర్ల ఎత్తుతో, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో 2020లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ ఆడి, ప్రపంచంలో మొదటి పదిమందిలో చేరాడు. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచిన మన సానియా మీర్జా పొట్టి మనిషి కాదు. ఆమెదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండే.

రెండు చేతులతో ఒక నష్టం ఉంది. అందుబాటు తగ్గుతుంది. పొట్టి చేతులవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. నిలబడినచోటే ఒంటిచేత్తో రాకెట్ చాపి నేల మీద గీత గీయండి, తర్వాత రెండు చేతులతో గీయండి. ఆ రెండు గీతల మధ్య దూరాన్ని కాళ్లతో పూడ్చాలి. అంటే ప్రతి బంతికీ ఒక చిన్న అడుగు అదనం. అది కూడా చాలనప్పుడు ఎడమచెయ్యి వదిలేసి, ఒంటిచేత్తో బంతి కిందికి కోసినట్టు స్లైస్ కొట్టాలి. కాబట్టి స్లైస్ మాత్రం ఒంటిచేత్తో అందరూ నేర్చుకోవలసిందే.

రెండు చేతులతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఎడమచేతిని ఊరికే ఆనించి, కుడిచేత్తోనే లాగడం. బంతి పదేపదే నెట్‌లో పడుతుంటే, కుడి మోచెయ్యి ముందుకు పొడుచుకొస్తుంటే ఇదే జరుగుతున్నట్టు లెక్క. మందు సులువు. కుడిచెయ్యి తీసేసి, రాకెట్ పిడిని ఎడమచేత్తోనే కొంచెం పైన పట్టుకొని రోజూ ఇరవై బంతులు గోడకు కొట్టండి. తర్వాత కుడిచేతిని పిడి చివర చేర్చండి. మోచేతి బయటివైపు నొప్పి మొదలైతే మాత్రం ఆ రోజుకు ఆట ఆపాలి.

ఎత్తు పెరిగాక మారకూడదా? మారవచ్చు. పీట్ సంప్రాస్ పద్నాలుగేళ్ల వయసులో రెండు చేతుల నుంచి ఒంటిచేతికి మారాడు. పచ్చిక మీద నెట్ దగ్గరికి వచ్చి ఆడి వింబుల్డన్ గెలవాలన్నది అక్కడి లక్ష్యం. మారాక కొంతకాలం జూనియర్ పోటీల్లో వెనకబడ్డాడు, చివరికి ఏడు వింబుల్డన్లు గెలిచాడు. వెనకబడే ఆ కాలాన్ని భరించే వెసులుబాటు ఉన్నవాడు మారవచ్చు. పదో తరగతి లోపే సెలక్షన్ దాటవలసిన మన పిల్లలకు ఆ వెసులుబాటు తక్కువ.

ఆ ఆదివారం సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టేసరికి తమ్ముడు నలభై బంతులు రెండు చేతులతో కొట్టాడు. "అందంగ లేదన్నా" అన్నాడు. బంతి భుజం మీదికి వచ్చినరోజు మళ్లీ అడుగు తమ్మీ అన్నాను.